గుండె దడ ముందా, భయం ముందా? జేమ్స్, కానన్, షాక్టర్ వాదనలో మెదడు చెప్పేది

ప్రశ్న: "మేడమ్, నేను ఎంఏ సైకాలజీ రెండో సంవత్సరం. జేమ్స్–లాంగే, కానన్–బార్డ్, షాక్టర్–సింగర్ మూడూ చదివాను, పరీక్షలో రాసేస్తాను. కానీ నిజంగా ఏది కరెక్టు? ఎగ్జామ్ హాల్లో నాకు ముందు గుండె దడ వస్తుంది, ఆ తర్వాతే భయం వేస్తుంది అనిపిస్తుంది. మెదడు మీద చేసిన పరిశోధనలు శరీరం వైపు ఉన్నాయా, ఆలోచన వైపు ఉన్నాయా?"

శరీరం నుంచి వచ్చే సంకేతం భయాన్ని పెంచగలదు, ఒక్కోసారి పుట్టించగలదు కూడా. కానీ మామూలు గుండె దడ ఒక్కటే వచ్చినంత మాత్రాన అది భయం కాదు. ఇక్కడ ప్రమాదం ఉందా లేదా అని మెదడు వేసుకునే అంచనా దానికి తోడవ్వాలి. ఇప్పటివరకు వచ్చిన ఆధారాలను నేను అర్థం చేసుకున్నది ఇది. శరీరంలో మార్పు ముందు వస్తుంది, దాన్ని గ్రహించడమే భయం అని జేమ్స్ చెప్పిన దారి నిజంగానే ఉంది. అదొక్కటే దారి అన్న మాట నిలబడలేదు. దడకి ఒక అర్థం తోడైతేనే అది భావం అవుతుందన్న షాక్టర్ ఆలోచన చాలావరకు సరైనదే, ఆయన ప్రయోగం మాత్రం పుస్తకాల్లో కనిపించేంత గట్టిది కాదు.

నేను క్లినికల్ సైకాలజిస్టుని. పదిహేడేళ్ళుగా పానిక్, ఆందోళన సమస్యలతో వచ్చేవాళ్ళని చూస్తున్నాను. మధ్యలో నాలుగేళ్ళు వెన్నెముక దెబ్బతిన్నవాళ్ళ పునరావాస కేంద్రంలో కూడా పనిచేశాను. అందుకే కోపం, దుఃఖం వదిలేసి గుండె దడ, భయం వరకే మాట్లాడతాను. ఈ వాదనలో గట్టి ఆధారాలు ఎక్కువగా దొరికేది అక్కడే.

మన దగ్గరకు వచ్చే మనిషి సాధారణంగా "నాకు భయం" అని మొదలుపెట్టడు. "గుండె దడ", "ఒళ్ళంతా చల్లబడిపోతోంది", "కాళ్ళూ చేతులూ ఆడట్లేదు" అంటాడు. గుండె గుభేలుమంది, ముచ్చెమటలు పట్టాయి, కడుపులో దేవినట్టయింది... తెలుగులో భయానికి ఉన్న మాటల్లో సగం శరీరానివే. విలియం జేమ్స్ 1884లో పట్టుకున్నది కూడా ఈ సంగతినే. భయం నుంచి దడని, వణుకుని, ఊపిరి ఆడకపోవడాన్ని ఒక్కొక్కటిగా తీసేస్తూ పోతే చివరికి భయం అని పిలవడానికి ఏం మిగులుతుందని ఆయన అడిగాడు. మరుసటి ఏడాది డెన్మార్క్‌లో కార్ల్ లాంగే, ముఖ్యంగా రక్తనాళాల్లో వచ్చే మార్పుల గురించి, దాదాపు ఇదే మాట చెప్పాడు.

మన నోట్సుల్లో తరచుగా జారిపోయే సంగతి ఒకటుంది. విమర్శలు వచ్చాక 1894లో జేమ్స్ తన మాటను సవరించుకున్నాడు. ఎలుగుబంటిని చూసి పారిపోవడం ఆయన ఇచ్చిన ఉదాహరణ; శరీరం స్పందించేది ఎలుగుబంటి అనే వస్తువుకి కాదు, మొత్తం పరిస్థితికి అన్నాడు. కట్టేసి ఉన్న ఎలుగుబంటిని చూసి ఎవరూ పరిగెత్తరు. అంటే ఏదో ఒక అంచనా ముందే జరుగుతుందని జేమ్స్ కూడా ఒప్పుకున్నట్టే. పరీక్షలో "జేమ్స్ ఆలోచనకు చోటే ఇవ్వలేదు" అని రాయకండి.

శరీరంలో మార్పునీ భావాన్నీ మెదడే ఒకేసారి పుట్టిస్తుందన్నది కానన్ వాదన. జేమ్స్ మీద ఆయన 1927లో రాసిన అభ్యంతరాల్లో రెండు నాకు ఇప్పటికీ బలమైనవిగా కనిపిస్తాయి. ఒకటి, భయంలోనూ కోపంలోనూ జ్వరంలోనూ చలిలోనూ లోపలి అవయవాల్లో వచ్చే మార్పులు చాలావరకు ఒకేలా ఉంటాయి. మరి ఏది ఏదో మనిషికి ఎలా తెలుస్తుంది? రెండు, అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చి అవే మార్పులు తెప్పిస్తే చాలామందికి నిజమైన భయం రాదు. అంతకు మూడేళ్ళ ముందే మరాన్యోన్ అనే స్పెయిన్ డాక్టరు ఈ పని చేసి చూశాడు. ఎక్కువమంది ఒంట్లో మార్పు మాత్రమే చెప్పారు, కొందరు "భయపడుతున్నట్టు ఉంది, కానీ భయం లేదు" అన్నారు.

ఆ "ఉంది, కానీ లేదు" అన్న మాట నేను క్లినిక్‌లో ఎన్నోసార్లు విన్నాను. ఆస్తమా కోసం నెబ్యులైజర్ పెట్టించుకున్న మనిషికి చేతులు వణుకుతాయి, గుండె కొట్టుకుంటుంది. "మందు వల్లేనండీ" అని తేలిగ్గా తీసుకుంటాడు. అదే వణుకు అర్ధరాత్రి కారణం తెలియకుండా వస్తే ఇంట్లోవాళ్ళని లేపి ఆటో పిలిపిస్తాడు.

షాక్టర్, సింగర్ 1962లో ప్రయోగం చేసింది ఈ తేడా మీదే. మిన్నెసోటా యూనివర్సిటీలో 184 మంది మగ విద్యార్థులకి, చూపు మీద ఒక విటమిన్ ప్రభావం పరీక్షిస్తున్నామని చెప్పి, కొందరికి అడ్రినలిన్, కొందరికి ఉత్త సెలైన్ ఇచ్చారు. అడ్రినలిన్ తీసుకున్నవాళ్ళలో కొందరికి దడ వస్తుందని ముందే చెప్పారు, కొందరికి చెప్పలేదు, ఇంకొందరికి తప్పుడు లక్షణాలు చెప్పారు. తర్వాత కొందరిని గంతులేసే మనిషి పక్కన, కొందరిని చిరాకుపడే మనిషి పక్కన కూర్చోబెట్టారు. కారణం తెలియనివాడు పక్కవాడి మూడ్‌ని తన దడకి అర్థంగా తగిలించుకుంటాడని వాళ్ళ అంచనా.

పుస్తకంలో కథ ఇక్కడ ఆగిపోతుంది. అసలు ఫలితాల పట్టిక చూస్తే, అడ్రినలిన్ తీసుకుని కారణం తెలియనివాళ్ళకీ, ఉత్త సెలైన్ తీసుకున్నవాళ్ళకీ మధ్య తాము చెప్పుకున్న భావాల్లో గట్టి తేడా లేదు. సిద్ధాంతానికి కీలకమైన పోలికే అది. 1979లో మార్షల్, జింబార్డో ఒకవైపు, మాస్లాక్ మరోవైపు ఇలాంటి ప్రయోగాలు చేస్తే, కారణం తెలియని ఉద్రేకం ఏ రంగు పూస్తే ఆ రంగులోకి మారలేదు. పక్కవాడు ఎంత ఉల్లాసంగా ఉన్నా, అది అసౌకర్యం వైపే మొగ్గింది. నా రోగుల్లో నేను చూసేదీ అదే. కారణం తెలియని దడని ఎవరూ సంతోషంగా చదువుకోరు. అది తెల్లకాగితం కాదు, ముందే కొంచెం చెడువైపు వంగి ఉంటుంది.

ఇక మెదడు సంగతి. మీరు స్కాన్ ప్రయోగాల గురించి అడిగినట్టున్నారు. నన్ను అడిగితే ఈ ప్రశ్నకి అన్నిటికంటే శుభ్రమైన ప్రయోగం ఎలుకల మీద జరిగింది. 2023లో స్టాన్‌ఫర్డ్‌లో డైసరాత్ ల్యాబ్ దాన్ని ప్రచురించింది.

మనుషుల్లో పెద్ద చిక్కు ఏంటంటే, మందు ఇచ్చి గుండె వేగం పెంచితే ఆ మందు ఇంకా చాలాచోట్ల పనిచేస్తుంది. భయపెట్టి పెంచితే ఏది ముందో తెలియదు. ఈ ల్యాబ్‌వాళ్ళు ఎలుక గుండె కండర కణాల్లోకి కాంతికి స్పందించే ప్రొటీన్‌ని జన్యుపరంగా చేర్చారు. ఎలుకకి చిన్న జాకెట్ లాంటిది తొడిగి, దాంట్లోంచి కాంతి కొడితే అది చర్మం దాటి గుండెని చేరుతుంది, కాంతి తాళానికి గుండె కొట్టుకుంటుంది. మందు లేదు, భయపెట్టడం లేదు. మామూలుగా నిమిషానికి దాదాపు 660 సార్లు కొట్టుకునే ఎలుక గుండెని, ఆగి ఆగి కొద్దిసేపు చొప్పున, 900 వేగానికి తీసుకెళ్ళారు.

జేమ్స్ మాట పూర్తిగా నిజమైతే ఆ క్షణమే ఎలుకకి భయం వేయాలి, ఎక్కడున్నా సరే. అలా జరగలేదు. మామూలు గదిలో, కాంతి పడే మూలని అది తప్పించుకుని తిరగలేదు. అంటే ఆ దడ దానికదే బాధగా తోచలేదన్నమాట. కానీ అదే ఎలుకని ఎత్తులో గోడల్లేని బాటలున్న చట్రం మీద పెడితే, గోడలున్న వైపుకే ఎక్కువగా అంటిపెట్టుకుపోయింది. ఇంకో పరీక్షలో దాహంగా ఉన్న ఎలుక మీట నొక్కితే నీళ్ళొస్తాయి. దడ పెట్టినా అది నొక్కుతూనే ఉంది. ఎప్పుడో ఒకసారి నీళ్ళతోపాటు షాక్ కూడా తగలొచ్చు అన్న పరిస్థితి తెచ్చాక మాత్రం, దడ ఉన్న ఎలుకలు నొక్కడం తగ్గించేశాయి.

దడ ఒకటే. సురక్షితమైన చోట దానివల్ల ఏమీ కాలేదు, ప్రమాదం ఉండొచ్చన్న చోట అది జాగ్రత్తని పెంచింది. మీ ప్రశ్నకి సగం జవాబు ఈ ఒక్క ప్రయోగంలో ఉంది.

మిగతా సగం వాళ్ళు తర్వాత చేసిన పనిలో దొరుకుతుంది. గుండె దడ పెట్టినప్పుడు మెదడంతా వెతికితే ఎక్కువ చురుగ్గా కనిపించిన చోట్లలో ఒకటి ఇన్సులా వెనక భాగం. ఇన్సులా అంటే మెదడు పక్క మడతలో లోపలికి దాక్కున్న పొర. గుండె, ఊపిరితిత్తులు, కడుపు నుంచి వచ్చే సమాచారం చేరే ముఖ్యమైన స్థలం అది. దడ పెడుతూనే ఆ భాగాన్ని అణిచివేస్తే, ప్రమాదం ఉన్న చోట కూడా ఎలుక భయం తగ్గింది. గుండె అప్పుడూ వేగంగానే కొట్టుకుంటోంది. తెగిపోయింది గుండె చప్పుడు మెదడుకి చేరే దారి మాత్రమే. జేమ్స్ ఈ ఫలితం చూసి ఉంటే ఎంత సంతోషించేవాడో అని నాకు అనిపిస్తూ ఉంటుంది.

మనుషుల్లో ఇంత శుభ్రంగా చేయలేం. కానీ దగ్గరగా వచ్చేవి ఉన్నాయి. గుండె ఒక్కోసారి కొట్టుకున్నప్పుడు బృహద్ధమనిలో, మెడ ధమనుల్లో ఉన్న పీడన గ్రాహకాలు మెదడుకి ఒక సంకేతం పంపుతాయి, రెండు దెబ్బల మధ్య ఊరుకుంటాయి. సారా గార్ఫింకెల్, క్రిచ్లీ బృందం 2014లో భయపడుతున్న ముఖాల ఫోటోలను సరిగ్గా ఆ దెబ్బ క్షణంలో ఒకసారి, విరామంలో ఒకసారి చూపించారు. అదే ఫోటో దెబ్బ క్షణంలో చూస్తే ఎక్కువ భయంగా ఉందనిపించింది, మెదడు లోపల భయంతో ముడిపెట్టి చెప్పే చిన్న భాగం అమిగ్డాలా స్పందన కూడా పెరిగింది. తేడా చిన్నదే. కానీ ఆ మనుషుల ఆలోచనల్లో ఏ మార్పూ లేదు, మారింది గుండె దశ మాత్రమే.

"భయం అంటే అమిగ్డాలా" అని చదువుకున్నాం కదా. దాన్ని కదిలించిన కేసు ఒకటుంది. ఎస్‌ఎం అనే అక్షరాలతో పిలిచే ఒక మహిళకి అరుదైన జన్యువ్యాధి వల్ల రెండువైపులా అమిగ్డాలా పోయింది. పాములు, సాలీళ్ళు, దెయ్యాల కొంప, ఏదీ ఆమెని భయపెట్టలేకపోయింది. 2013లో ఫైన్‌స్టైన్ బృందం ఆమెతోనూ, అదే వ్యాధి ఉన్న ఇద్దరు కవలలతోనూ 35 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న గాలిని ఒక్క దమ్ము పీల్పించింది. ముగ్గురికీ పానిక్ వచ్చింది. ఆరోగ్యవంతులైన 12 మందిలో ముగ్గురికే వచ్చింది.

అంటే బయటి ప్రమాదాన్ని భయంగా మార్చడానికి అమిగ్డాలా కావాలి. ఊపిరి ఆడట్లేదన్న లోపలి సంకేతానికి అది అక్కర్లేదు. ఆ పరిశోధకులే ఇంకో సంగతి కూడా గమనించారు. తర్వాత మళ్ళీ అదే గాలి పీల్చబోతున్నామని తెలిసినప్పుడు మామూలు మనుషుల శరీరం ముందుగానే కంగారుపడుతుంది. వీళ్ళలో ఆ ముందస్తు కంగారు కనిపించలేదు. పానిక్ వచ్చింది, పానిక్ వస్తుందేమో అన్న భయం మాత్రం లేదు. నా రోగుల్ని ఎక్కువగా బాధించేది ఆ రెండోదే.

నేను మొదట్లో "మామూలు గుండె దడ ఒక్కటే" అని ఎందుకన్నానో ఇప్పుడు తెలుస్తుంది. ఊపిరాడకపోవడం అలాంటిది కాదు. దానికి అంచనా సాయం పెద్దగా అక్కర్లేదు. శరీరం పంపే సంకేతాలన్నీ ఒక గాటన కట్టేయకూడదు. గుండె వేగానికి వంద అర్థాలుంటాయి, గాలి అందకపోవడానికి ఒక్కటే అర్థం.

ఇప్పుడు కానన్ వైపు నుంచి అడిగే ప్రశ్న: శరీరం నుంచి సంకేతం రాకపోతే భావోద్వేగం ఉండదా? 1966లో హోమన్, వెన్నుపాము దెబ్బతిన్న 25 మందిని అడిగి, దెబ్బ మెడకి దగ్గరగా ఉన్నకొద్దీ భయం, కోపం పలచబడ్డాయని రాశాడు. కోపం వస్తుంది కానీ అది మనసులోనే ఉండే కోపం అన్నట్టు ఒకాయన చెప్పాడు. 1988లో చ్వాలిస్, డీనర్ బృందం మళ్ళీ చూస్తే, చాలామందికి భావోద్వేగాలు బలంగానే ఉన్నాయి.

పునరావాస కేంద్రంలో నేను చూసింది రెండోదానికే దగ్గర. మెడ కింద స్పర్శ తెలియని ఒక యువకుడు, చెల్లెలి పెళ్ళికి వెళ్ళలేకపోయిన రోజు, గంటసేపు ఏడ్చాడు. అందులో పలచదనం ఏమీ లేదు. దీన్ని జేమ్స్‌కి వ్యతిరేకంగా వాడేముందు ఒక సంగతి గుర్తుంచుకోండి. వెన్నుపాము తెగినా వేగస్ నరం తెగదు. అది మెదడు కాండం నుంచి నేరుగా గుండెకి, కడుపుకి వెళ్తుంది, సమాచారాన్ని వెనక్కి మోసేదీ అదే. ముఖం కదలికలు, గొంతు, కన్నీళ్ళు కూడా అలాగే ఉంటాయి. కాబట్టి "శరీరం లేకుండా భావోద్వేగం" అని దీన్ని చూపించడం పొరపాటు.

అదే వార్డులో ఇంకొకటి చూశాను. ఛాతీ మధ్యకి పైన దెబ్బ తగిలినవాళ్ళకి, మూత్రాశయం నిండినా క్యాథెటర్ మడత పడినా, కింద నొప్పి తెలియదు. కానీ బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది, తల పగిలిపోతుంది, ముఖం ఎర్రబడి చెమటలు పడతాయి. ఒక పెద్దాయన రెండుసార్లు "అమ్మా, ఎందుకో గాబరాగా ఉంది, ఏదో జరగబోతోంది" అన్నారు. మొదటిసారి నేను కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టాను. పక్కనున్న నర్సు వచ్చి ట్యూబు సరిచేసింది, పది నిమిషాల్లో గాబరా పోయింది. ఆ రోజు నేను చేసిన తప్పు నాకు బాగా గుర్తు. అది అత్యవసర పరిస్థితి, మాటలతో గడపాల్సిన సమయం కాదు.

ఇన్సులా గురించి కూడా హెచ్చరిక ఒకటి. రోజర్ అని పేరు మార్చి రాసిన ఒక రోగికి రెండువైపులా ఇన్సులా దాదాపు పూర్తిగా పోయింది. ఆయనకి గుండె వేగం పెంచే మందు ఇస్తే, కాస్త ఆలస్యంగానైనా, దడ తెలిసింది. ఛాతీ మీద, దడ ఎక్కువగా తెలిసే చోట చర్మానికి మత్తుమందు రాస్తే ఆయనకి దడ తెలియడం పోయింది. మామూలు మనుషులకి మాత్రం అప్పుడూ తెలిసింది. అంటే గుండె వార్త మెదడుకి చేరడానికి లోపలి నరాల దారితోపాటు, ఛాతీ గోడ అదురు చర్మం ద్వారా వెళ్ళే రెండో దారి కూడా ఉంది. పైగా రోజర్ భావోద్వేగాలు మిగిలే ఉన్నాయి. "ఇన్సులాయే భయం కేంద్రం" అని ఎవరైనా రాస్తే నమ్మకండి. స్కాన్‌లో ఇన్సులా నొప్పికీ, అసహ్యానికీ, శ్రద్ధ పెట్టిన పనికీ అన్నిటికీ వెలుగుతుంది. వెలిగింది కాబట్టి ఫలానా భావం ఉందని వెనక్కి చదవకూడదు. పైగా గుండె వేగం, శ్వాస మారినా స్కానర్ చదివే రక్తప్రవాహ సంకేతమే మారిపోతుంది. శరీర సంకేతాల మీద చేసే స్కాన్ ప్రయోగాల్లో దాన్ని సరిదిద్దారా లేదా అన్నది నేను మొదట చూసే విషయం.

ఇక అంచనా వైపు. 1960ల్లో లాజరస్ బృందం చూడటానికి కష్టమైన ఒకే సినిమాని వేర్వేరు వ్యాఖ్యానాలతో చూపించింది. "వీళ్ళకేమీ బాధ లేదు" అన్న తరహా వ్యాఖ్యానం వింటూ చూసినవాళ్ళకి చర్మం మీద చెమట స్పందన తక్కువ వచ్చింది. అంటే అంచనా మారితే శరీరమే మారుతోంది. తర్వాత స్కాన్లు వచ్చాయి. చెడు చిత్రాన్ని చూస్తూ దాని అర్థాన్ని మార్చుకోమని చెప్పిన 48 అధ్యయనాలను 2014లో కలిపి చూస్తే, ముందు మెదడులో పక్క, పై భాగాలు చురుగ్గా అయ్యాయి, అమిగ్డాలా స్పందన తగ్గింది. నమ్మదగ్గ ఫలితమే. కానీ ఇదంతా చల్లటి గదిలో పడుకుని ఫోటోలు చూస్తున్నప్పటి సంగతి. గుండె నిమిషానికి 140 కొట్టుకుంటున్న మనిషి ఇంత సులువుగా అర్థాన్ని మార్చుకోలేడు. నేను రోజూ చూసే తేడా ఇది.

ఒక కేసు చెప్తాను, గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను. ముప్పై దాటిన బ్యాంకు ఉద్యోగిని. సాయంత్రం బస్సులో దడ, గొంతు పట్టేసినట్టు. రెండుసార్లు ఎమర్జెన్సీకి వెళ్ళింది. ఈసీజీ, ఎకో, థైరాయిడ్, హిమోగ్లోబిన్ అన్నీ నార్మల్. "ఏం లేదమ్మా, టెన్షన్ తగ్గించుకో" అని పంపారు. ఆ మాటతో ఆమెకి దడ తగ్గకపోగా, వీళ్ళకి అంతుపట్టని జబ్బేదో నాకుంది అన్న అనుమానం పెరిగింది. చేతికి స్మార్ట్ వాచ్ కొనుక్కుని గంటకి ఇరవైసార్లు పల్స్ చూసుకోవడం మొదలుపెట్టింది.

మొదటి సిట్టింగ్‌లో ఆమెని ఒకటే అడిగాను: "ఇంద్రకీలాద్రి మెట్లెక్కినప్పుడు పల్స్ ఎంతుంటుంది?" ఎప్పుడూ చూసుకోలేదంది. తర్వాతి వారం చూసుకుని వచ్చింది, 138. భయం వందకి ఎంత అంటే, సున్నా. బస్సులో దడ వచ్చినప్పుడు వాచ్ చూపించింది 112. భయం వందకి ఎనభై. తక్కువ పల్స్‌కి ఎక్కువ భయం. మెట్ల మీద కారణం కళ్ళముందే ఉంది, బస్సులో లేదు. డేవిడ్ క్లార్క్ 1986లో పానిక్‌కి ఇచ్చిన వివరణ ఇదే: ఒంట్లో మార్పుని రాబోయే విపత్తుగా చదవడం, ఆ చదవడం వల్ల మార్పు ఇంకా పెరగడం.

లెక్క చెప్పినంత మాత్రాన ఆమెకి తగ్గలేదు. "తెలుసు మేడమ్, కానీ వచ్చినప్పుడు ఆ తెలివి ఎటు పోతుందో" అంది. అందుకే దడని కావాలనే తెప్పించే అభ్యాసాలు మొదలుపెట్టాం. నిలబడిన చోటే ఒక నిమిషం పరుగు. సన్నటి స్ట్రాతో, ముక్కు మూసుకుని, ఒక నిమిషం శ్వాస. తిరిగే కుర్చీలో ముప్పై సెకన్లు. ప్రతిదానికీ ముందు ఏం జరుగుతుందని అనుకుంటోందో కాగితం మీద రాయించాను. స్ట్రా ముందు "స్పృహ తప్పుతుంది" అని రాసింది. మొదటిసారి నలభై సెకన్లకి ఆపేసింది, భయం 75. అయిదోసారికి నిమిషం పూర్తి, భయం 30. పల్స్ మాత్రం ప్రతిసారీ దాదాపు అంతే పెరిగింది. మారింది పల్స్‌కి ఉన్న అర్థం. (గుండె జబ్బు, ఆస్తమా, మూర్ఛ, గర్భం ఉన్నవాళ్ళతో డాక్టరు ఒప్పుకోకుండా ఇవి చేయించకూడదు. ఇంట్లో సొంతంగా ప్రయత్నించకండి.)

మూడు నెలలకి బస్సు ఎక్కింది. అయినా నిద్ర చాలని రోజున, రెండు కాఫీలు ఎక్కువ తాగిన రోజున, "కొంచెం గాబరా ఉంటుంది మేడమ్" అని చెప్పేది. అర్థం ఎంత మార్చినా శరీరం వేసే బరువు పూర్తిగా పోదు. ఎలుక ప్రయోగంలో కనిపించింది కూడా అదే కదా.

దీనికి ఎదురు కేసు కూడా ఉంది. నలభైల్లో ఉన్న ఒకాయనకి ఆరు వారాలు ఆలోచనలు మార్చే పద్ధతి చేశాం, ఏమీ కదల్లేదు. చేతులు చాపమంటే వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి, అరచేతులు వెచ్చగా, తడిగా ఉన్నాయి. టెన్షన్ వల్ల చెమట పడితే చేతులు సాధారణంగా చల్లగా ఉంటాయి. బాగా తింటున్నా అయిదు కిలోలు తగ్గాడు. నిద్రలోనూ పల్స్ 100 దాటుతోంది. టెస్ట్ చేయిస్తే థైరాయిడ్ అతిగా పనిచేస్తోంది. మందు మొదలుపెట్టాక, నేను ఒక్క మాట మార్చకుండానే, ఆందోళన చాలావరకు పోయింది. నిద్రలోనూ తగ్గని దడ, బరువు తగ్గడం, వెచ్చటి తడి చేతులు కనిపిస్తే ముందు రక్తపరీక్ష చేయించాలి, ఆలోచనల సంగతి తర్వాత.

చివరిగా మీ ఎగ్జామ్ హాల్. దడ ముందు వచ్చినట్టు మీకు అనిపించడం నిజమే. కానీ దాంతో జేమ్స్ గెలిచినట్టు కాదు. ప్రశ్నపత్రం కట్ట ఇన్విజిలేటర్ చేతిలో కనబడగానే మెదడు ఒక తొలి అంచనా వేసేస్తుంది, అది మీ దాకా మాటల రూపంలో రాదు. గుండెకి వేసి ఉంచిన వేగస్ బ్రేకు సడలడానికి ఒక సెకను కూడా అక్కర్లేదు. మీకు మొదట తెలిసేది ఆ ఫలితం, అంటే దడ. తర్వాత మీరు దాన్ని గమనించి "అమ్మో, నాకు భయమేస్తోంది" అని దానికి పేరు పెడతారు, ఆ పేరుతో దడ ఇంకా పెరుగుతుంది. అంచనా, దడ, దడని చదవడం, మళ్ళీ దడ... ఈ చక్రంలో మీకు కనిపించే మొదటి గడి దడ. కనిపించని గడి దాని వెనక ఇంకొకటి ఉంది.

కావాలంటే చూసుకోండి. పరీక్ష రోజున హాల్లోకి వెళ్ళేముందు మణికట్టు మీద ముప్పై సెకన్లు పల్స్ లెక్కపెట్టి రెట్టింపు చేసి, పక్కనే భయం వందకి ఎంతో రాయండి. పరీక్ష లేని రోజున మూడంతస్తులు గబగబా ఎక్కి మళ్ళీ రాయండి. రెండో పల్స్ మొదటిదానికంటే ఎక్కువే ఉంటుందని నా అంచనా. మొదటిసారి రాసిన భయం అంకె ముప్పై దాటకపోతే, మీది చదువుకునే పిల్లలందరికీ ఉండే దడే. ఎనభై దాటి, దాని వల్ల పేపరు వదిలేసి బయటికి వచ్చేస్తుంటే, దగ్గర్లో క్లినికల్ సైకాలజిస్టుని కలవండి. వెళ్ళేటప్పుడు ఆ రెండు అంకెలూ రాసుకున్న కాగితం తీసుకెళ్ళండి.